టక్‌మని ఆగిపోయే ఫ్రిజ్

వంటింట్లో ఫ్రిజ్ వెనక, అడుగు భాగం నుంచి గుర్ర్‌మని ఒక మూలుగు మొదలవుతుంది. ఏదో తిరగబోయి తిరగలేక పెనుగులాడుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. పది సెకన్లు గడిచాయో లేదో టక్‌మంటుంది. ఆపైన నిశ్శబ్దం. ఒకటి రెండు నిమిషాలకు మళ్లీ అదే గుర్ర్, మళ్లీ అదే టక్. తలుపు తీసి చూస్తే లైటు వెలుగుతూనే ఉంటుంది గానీ పెరుగు పులిసిపోయి ఉంటుంది, ఐసు ట్రేలో నీళ్లు ఊగుతుంటాయి.

మెకానిక్‌కు ఫోన్ చేసి ఈ చప్పుడు సంగతి చెబితే తరచుగా వచ్చే జవాబు ఒకటే: "రిలే పోయిందండీ, మార్చేద్దాం." చాలాసార్లు అది నిజమే అవుతుంది. కానప్పుడే చిక్కు. రిలే మారుస్తారు, ఫ్రిజ్ ఆడుతుంది, మెకానిక్ డబ్బులు తీసుకుని వెళ్తాడు, మర్నాడు సాయంత్రానికి మళ్లీ టక్. రెండోసారి వచ్చినప్పుడు మాట "కంప్రెసర్ మార్చాలి" దాకా పోతుంది. రిలేకైతే వందల్లో అయ్యే ఖర్చు, కంప్రెసర్ మార్చి గ్యాస్ నింపేసరికి వేలల్లోకి వెళ్తుంది. అసలు లోపం గోడకున్న ప్లగ్ పాయింటులో ఉందేమోనని ఎవరూ చూడరు.

ఈ చప్పుడు వెనక ప్రధానంగా నాలుగు కారణాలు ఉండవచ్చు. స్టార్టింగ్ రిలే, ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్, కెపాసిటర్, ఇంటికి వచ్చే తక్కువ వోల్టేజి. నాలుగూ చివరికి ఒకే టక్ దగ్గరకు చేరతాయి. అక్కడికి చేరే దారులు మాత్రం వేరు. గుర్ర్ ఎంతసేపు ఉంది, నిశ్శబ్దం ఎంతసేపు ఉంది, కంప్రెసర్ అసలు తిరిగిందా లేదా, ఏ వేళప్పుడు ఇలా జరుగుతోంది అన్నవి గడియారం పెట్టుకుని గమనిస్తే, స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండానే అనుమానం సగానికి తగ్గిపోతుంది.

ముందుగా ఆ టక్ ఎవరిదో తెలియాలి. కంప్రెసర్ అంటే ఫ్రిజ్ వెనక కింద కనిపించే నల్లటి ఇనుప కుండ. దాని పక్కన ప్లాస్టిక్ మూత కింద బిళ్లలా గుండ్రంగా ఒక చిన్న భాగం ఉంటుంది. అదే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్. మెకానిక్‌లు ఓఎల్‌పీ అనో, ఉత్తి ఓవర్‌లోడ్ అనో అంటారు. దాని లోపల రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసిన పల్చటి రేకు ఉంటుంది. వేడెక్కితే ఆ రెండు లోహాలూ ఒకే మేరకు సాగవు కాబట్టి రేకు వంగుతుంది. ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా తిరగబడి కరెంటు దారిని తెంచేస్తుంది. ఆ తిరగబడే చప్పుడే టక్. చల్లారాక మళ్లీ యథాస్థానానికి వచ్చి కరెంటును కలుపుతుంది. కరెంటు ఎక్కువగా పారినా అది వేడెక్కుతుంది. కంప్రెసర్ కుండకు ఆనుకుని ఉంటుంది కాబట్టి కుండ కాలిపోతున్నా వేడెక్కుతుంది.

అంటే టక్‌మన్నది చెడిపోయిన భాగం కాకపోవచ్చు. చాలావరకు అది తన పని తాను చేస్తున్న భాగం. దాన్ని అలా టక్‌మనిపిస్తున్నది ఏదో తేల్చడమే అసలు పని.

అందుకు కంప్రెసర్ ఎలా కదులుతుందో కొంచెం తెలుసుకోవాలి. మన ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు. దాన్ని ఒక్క తీగచుట్టకు ఇస్తే మోటారు తిరగదు, ఉన్నచోటే అదురుతుంది. తిరగలి పిడిని నడిమి ఇరుసు వైపు ఎంత గట్టిగా నొక్కినా రాయి కదలదు, పక్కకు తోసినప్పుడే తిరుగుతుంది. కంప్రెసర్‌కు ఆ పక్కతోపు ఇవ్వడానికే రెండో చుట్ట ఉంటుంది, దాని పేరు స్టార్టింగ్ వైండింగ్. తిరగడం మొదలయ్యాక దాని అవసరం దాదాపు తీరిపోతుంది. పూర్తి కరెంటుతో అలాగే వదిలేస్తే అది మాడిపోతుంది కూడా. కాబట్టి మొదట్లో దానికి కరెంటిచ్చి, క్షణంలో తప్పించే ఏర్పాటు ఒకటి కావాలి. అదే రిలే.

పాత ఫ్రిజ్‌లలో అది నిజంగానే రిలే. చిన్న కాయిల్ ఉండేది, అందులో ఒక ఇనుప కడ్డీ లేచి పడేది. ఇప్పటి మామూలు ఫ్రిజ్‌లలో చాలావాటికి కదిలే భాగమేదీ లేని పీటీసీ రిలే ఉంటుంది. పేరు రిలే అయినా లోపల ఉన్నది నాణెమంత సిరామిక్ బిళ్ల. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఇరవై ముప్పై ఓంల చుట్టుపక్కల ఉంటుంది, అంటే కరెంటును ధారాళంగా పోనిస్తుంది. కరెంటు పారిన సెకను లోపే సలసలా వేడెక్కి, నిరోధం వేల ఓంలకు పెరిగి దారి దాదాపుగా మూసేస్తుంది. కంప్రెసర్ ఆడుతున్నంతసేపూ ఆ బిళ్ల వేడిగానే ఉంటుంది.

ఇక్కడే ఒక మెలిక. వేడిగా ఉన్న బిళ్ల దారి మూసి ఉంచుతుంది కదా. కరెంటు పోయి అరనిమిషంలో వచ్చిందనుకుందాం. బిళ్ల ఇంకా చల్లారలేదు. స్టార్టింగ్ వైండింగ్‌కు కరెంటు అందదు. మెయిన్ వైండింగ్ ఒక్కటే గుర్ర్‌మంటుంది, ఓవర్‌లోడ్ వేడెక్కి టక్‌మంటుంది. దీనికి తోడు లోపల గ్యాస్ సంగతి కూడా ఉంది. కంప్రెసర్ ఆగిన వెంటనే ఒకవైపు గ్యాస్ ఒత్తిడి ఎక్కువగా, రెండోవైపు తక్కువగా ఉంటుంది. సన్నటి క్యాపిలరీ గొట్టం గుండా అవి సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ లోపు మొదలవ్వాలంటే పిస్టన్ ఎదురు ఒత్తిడిని తోసుకుంటూ కదలాలి. చిన్న కంప్రెసర్లకు అంత బలం ఉండదు.

కాబట్టి కరెంటు ఇలా పోయి అలా వచ్చినప్పుడు రెండు మూడు సార్లు టక్‌మని, ఆ తర్వాత దానంతట అదే సర్దుకుని ఆడితే అది జబ్బు కాదు. ఓవర్‌లోడ్ ముందుగా చల్లారి తొందరపడుతుంది, రిలే బిళ్ల ఆలస్యంగా చల్లారుతుంది. రెండింటికీ కాలం కుదిరేదాకా ఆ గొడవ ఉంటుంది. స్టెబిలైజర్లలో మూడు నిమిషాలు ఆగి కరెంటిచ్చే ఏర్పాటు పెట్టింది ఇందుకే. ఆ ఆలస్యం చూసి స్టెబిలైజర్ చెడిపోయిందని దాన్ని పక్కన పెట్టి, నేరుగా గోడకు పెట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయి.

రిలే మారుస్తే బాగైనట్టు అనిపించే మాయ కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. మెకానిక్ వచ్చి ప్లగ్ పీకుతాడు, ఫ్రిజ్‌ను ముందుకు లాగుతాడు, మూత విప్పుతాడు, పాత రిలే తీసి కొత్తది పెడతాడు. ఈలోగా పావుగంట గడుస్తుంది. ఆ పావుగంటలో గ్యాస్ ఒత్తిడి సమానమైపోయింది, ఓవర్‌లోడ్ చల్లారింది, కుండ కూడా కాస్త చల్లబడింది. పెట్టిన రిలే ఎలాగూ చల్లగానే ఉంది. ప్లగ్ పెట్టగానే కంప్రెసర్ ఆడుతుంది. అదే పావుగంట ఏమీ చేయకుండా పాత రిలేతోనే ఉంచినా ఆడేదేమో! అందుకే మంచి మెకానిక్ ఏదీ విప్పకముందు ప్లగ్ తీసి పది పదిహేను నిమిషాలు ఆగి, పాత సామానుతోనే ఒకసారి ఆడించి చూస్తాడు. అప్పుడు నికరంగా ఆడితే రిలేను అనుమానించడానికి ముందు కరెంటును అనుమానించాలి.

కరెంటును అనుమానించడమంటే గోడలోని పాయింటులో మీటరు పెట్టి 220 చూపించిందని ఊరుకోవడం కాదు. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కంప్రెసర్ ఆడుతున్నప్పుడు తీసుకునేది ఒక ఆంపియరు అటూ ఇటుగా. మొదలయ్యే క్షణంలో మాత్రం దానికి ఐదారు రెట్లు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ కావాలి. ఆ క్షణంలో వోల్టేజి ఎంతకు పడిపోతోందన్నదే ప్రశ్న. మోటారు కదిలే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టుల దగ్గర ఉండే బలాన్ని నూరు అనుకుంటే, 200 దగ్గర అది 75కు, 170 దగ్గర 55కు దిగుతుంది. వోల్టేజి పావు వంతు తగ్గితే బలం దాదాపు సగమైపోతుందన్నమాట. ఏ కంప్రెసర్ ఎంతవరకు తట్టుకుంటుందన్నది మోడల్‌ను బట్టి మారుతుంది గానీ, మొదలయ్యే క్షణంలో 180 కంటే కిందికి పడితే చాలా మామూలు కంప్రెసర్లు ఇబ్బంది పడతాయి.

దీన్ని ఒక ఇంటి లెక్కతో చూస్తే బాగా తెలుస్తుంది. ఊరి చివర ఇల్లు, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరం. సింగిల్ డోర్ ఫ్రిజ్, కొని ఆరేళ్లు. నాలుగు రోజులుగా సాయంత్రం ఏడు దాటితే గుర్ర్, టక్. పొద్దున్నే చూస్తే మామూలుగా ఆడుతుంటుంది. ఇప్పటికే ఒకసారి రిలే మార్చారు. రెండోసారి వచ్చిన మెకానిక్ ఇంటావిడతో మాట్లాడతాడు.

"అమ్మా, రాత్రి పడుకునేటప్పుడు ఆడుతుందా?"

"పదకొండు దాటితే దానంతటదే ఆడుతుంది బాబూ. సాయంత్రాలే ఈ గొడవ."

"అది గుర్ర్‌మన్నప్పుడు వంటింట్లో లైటు గానీ ఫ్యాను గానీ డల్ అవుతుందా?"

"ఫ్యాను ఒక్క క్షణం ఆగినట్టవుతుంది."

ఈ రెండు జవాబులతోనే సగం దొరికింది. చెడిపోయిన రిలే గడియారం చూసుకుని పనిచేయదు. సాయంత్రం మొరాయించి అర్ధరాత్రి బాగుపడేది వోల్టేజి మాత్రమే. అయితే ఆ వోల్టేజి ఎక్కడ తగ్గుతోంది? వీధిలోనా, ఇంట్లోనా?

మెకానిక్ సాయంత్రమే వచ్చి రెండుచోట్ల కొలుస్తాడు. ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు మీటరు బోర్డు దగ్గర 206 వోల్టులు, వంటింటి పాయింటు దగ్గరా 206. ఇక్కడే ఆపేస్తే "వోల్టేజి కొంచెం తక్కువే గానీ ఫర్వాలేదు" అనుకోవాలి. ఫ్రిజ్ గుర్ర్‌మంటున్న ఆ కొన్ని సెకన్లలో మళ్లీ చూస్తే మీటరు బోర్డు దగ్గర 201, వంటింటి పాయింటు దగ్గర 176. క్లాంప్ మీటరులో కరెంటు 7 ఆంపియర్లు. వీధి నుంచి వచ్చే తీగల్లో తగ్గింది 5 వోల్టులే. మిగిలిన 25 వోల్టులు ఇంట్లోనే, బోర్డుకూ పాయింటుకూ మధ్య ఎక్కడో కరిగిపోతున్నాయి. 25ను 7తో భాగిస్తే దాదాపు మూడున్నర ఓంలు. మంచి తీగకు, బిగుతైన జాయింటుకు అంత నిరోధం ఉండకూడదు. ఆ మూడున్నర ఓంల దగ్గర ఆ కాసేపు 175 వాట్ల వేడి పుడుతోంది. పాయింటు విప్పి చూస్తే ఏముంటుంది? స్క్రూ వదులై, తీగ కొస నల్లబడి, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ప్లగ్ పిన్ను ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది.

ఫ్రిజ్ ఒకసారి ఆడడం మొదలెడితే తీసుకునేది ఆంపియరులోపే కాబట్టి అదే వదులు జాయింటులో పోయేది రెండు మూడు వోల్టులే. అందుకే అర్ధరాత్రి వీధి వోల్టేజి 230కి పెరిగాక, 25 పోయినా 200కు పైనే మిగిలి, ఫ్రిజ్ సునాయాసంగా ఆడేది. జాయింటు లోపం రోజంతా ఉంది. అది బయటపడింది మాత్రం సాయంత్రాలే. పాయింటు మార్చి తీగ బిగించాక సాయంత్రం కూడా మొదలయ్యే క్షణంలో 200 అందుతుంది, బలం 58 నుంచి 75కు పెరుగుతుంది. ఆ తేడాతోనే కంప్రెసర్ కదులుతుంది.

ఈ ఇంట్లో స్టెబిలైజర్ కొని అదే పాయింటుకు పెట్టి ఉంటే? వోల్టేజి పెంచే స్టెబిలైజర్ ఆ పెంచినదాన్ని తనకు వచ్చే వైపు నుంచి ఎక్కువ కరెంటు లాగి ఇస్తుంది. వదులు జాయింటు మీద భారం ఇంకా పెరుగుతుంది. కొన్నాళ్లు ఆడవచ్చు, పాయింటు మాత్రం ముందుకన్నా త్వరగా మాడుతుంది. వీధి వోల్టేజే 180కి పడిపోతున్న ఇంట్లో స్టెబిలైజర్ సరైన మందు. ఇంటి తీగలో లోపం ఉన్నచోట కాదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుకు ఫ్రిజ్ తగిలించిన ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మీటరు లేనివారికీ ఒక ఆధారం ఉంది. డిస్‌ప్లే ఉన్న స్టెబిలైజర్లలో చాలావాటిలో లోపలికి వచ్చే వోల్టేజి కనిపిస్తుంది. ఆగి ఉన్నప్పటి అంకెను కాక, గుర్ర్‌మంటున్నప్పటి అంకెను రాసి పెట్టుకోవాలి. ఇంకో సూక్ష్మం చెవికే అందుతుంది. తిరగని మోటారు తీసుకునే కరెంటు వోల్టేజితో పాటే తగ్గుతుంది కాబట్టి, వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు ఓవర్‌లోడ్ వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఒకే ఫ్రిజ్‌లో, బాగా చల్లారిన తర్వాత వచ్చే తొలి గుర్ర్ పగలు ఎనిమిది సెకన్లు ఉండి, రాత్రి పదిహేను సెకన్లు సాగుతుంటే వోల్టేజి వైపు వేలు చూపించవచ్చు. తొలి గుర్ర్‌నే పోల్చాలి. వరసగా టక్‌మంటూ పోయేకొద్దీ ఓవర్‌లోడ్ ముందే వేడిగా ఉంటుంది కాబట్టి గుర్ర్‌లు కురచవుతాయి, కుండ వేడెక్కి మధ్య నిశ్శబ్దాలు సాగుతాయి.

వోల్టేజి బాగుంది, మొదలయ్యే క్షణంలోనూ 210కి తగ్గలేదు, పదిహేను నిమిషాలు ఆగి పెట్టినా పొద్దున్నా సాయంత్రమూ అదే గుర్ర్, టక్. అప్పుడు రిలే వంతు. ప్లగ్ తీసేసి, చల్లారాక రిలేను పిన్నుల నుంచి లాగి చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంటే బిళ్ల ముక్కలైందన్నమాటే. మాడిన వాసన, నల్లటి మచ్చ ఉన్నా అంతే. పైకి బాగున్నా మల్టీమీటరుతో కొలవాలి. గది వేడిమి దగ్గర పదుల ఓంలు చూపాలి. ఏమీ చూపకపోతే దారి తెగిపోయింది, స్టార్టింగ్ వైండింగ్‌కు కరెంటు అందడం లేదు. వేడిగా ఉన్న రిలేను తీసి వెంటనే కొలిస్తే మంచిది కూడా చెడిపోయినట్టే కనబడుతుంది. ఆ తొందరలో చెత్తబుట్టలోకి వెళ్లే మంచి రిలేలు ఎన్నో.

ఇంతవరకు చూసింది కంప్రెసర్ అసలు తిరగని కథ. రెండో రకం ఇంకోలా ఉంటుంది. కంప్రెసర్ మొదలవుతుంది, తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది, కొన్ని సెకన్లకే టక్. క్లాంప్ మీటరు పెట్టినవారికి ఇది వెంటనే దొరుకుతుంది. మామూలుగా అయితే తొలి క్షణంలో ఏడెనిమిదికి లేచిన అంకె సెకనులో ఒకటి దగ్గరకు పడిపోవాలి. ఇక్కడ మూడు నాలుగు ఆంపియర్ల దగ్గరే నిలబడిపోతుంది. స్టార్టింగ్ వైండింగ్‌ను తప్పించాల్సిన భాగం తప్పించడం లేదు. రిలే బిళ్ల కలిసిపోయి ఉండవచ్చు, లేదా కెపాసిటర్ లోపల షార్ట్ అయి ఉండవచ్చు.

నాలుగింటిలో వేషాలు మార్చేది కెపాసిటరే. ఫ్యాన్లలో చాలామంది కండెన్సర్ అనేది ఇదే జాతి. అన్ని ఫ్రిజ్‌లకూ ఇది ఉండదు. చిన్న సింగిల్ డోర్ వాటిలో చాలావాటికి రిలే, ఓవర్‌లోడ్ మాత్రమే ఉంటాయి. ఉన్నచోట అది రెండు పనుల్లో ఏది చేస్తోందో ముందు చూడాలి. నాలుగైదు మైక్రోఫారడ్‌లు రాసి ఉన్న చిన్నది రన్నింగ్ కెపాసిటర్. ఇది రిలే బిళ్లకు సమాంతరంగా ఉండి, ఆడుతున్నంతసేపూ మోటారుకు సాయపడుతుంది. ఇది లోపల తెగిపోతే కంప్రెసర్ ఆగదు, రిలే ఉంది కాబట్టి మొదలవుతూనే ఉంటుంది. కానీ కరెంటు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా లాగుతుంది, కుండ ఎక్కువ వేడెక్కుతుంది, ఎండాకాలం మధ్యాహ్నం ఇరవై ముప్పై నిమిషాలకు టక్‌మని ఆగుతుంది. షార్ట్ అయితే పైన చెప్పినట్టు సెకన్లలో ఆగుతుంది. పదుల మైక్రోఫారడ్‌లు రాసి ఉన్నది స్టార్టింగ్ కెపాసిటర్. రిలేతో వరసలో ఉండి, మొదలయ్యే బలాన్ని పెంచేది. అది తెగితే అచ్చం రిలే పోయినట్టే గుర్ర్, టక్. అది బలహీనపడితే మరీ చిక్కు. వోల్టేజి బాగున్నప్పుడు మొదలై, తగ్గినప్పుడు మొరాయిస్తుంది, నింద కరెంటు మీద పడుతుంది. కెపాసిటర్ విలువ చూపే మల్టీమీటరు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతోంది. 4 మైక్రోఫారడ్‌లు రాసి ఉన్నది 3.8 చూపితే ఫర్వాలేదు, 2.5 చూపితే మార్చాల్సిందే. కొలిచే ముందు దానిలో నిలిచిన కరెంటును ఒక రెసిస్టరుతో గానీ బల్బుతో గానీ ఖాళీ చేయాలి. ప్లగ్ తీసినంత మాత్రాన కెపాసిటర్ ఖాళీ కాదు, చేతికి గట్టి షాకే కొడుతుంది.

ఇక ఓవర్‌లోడే చెడిపోతే? పూర్తిగా తెగిపోతే చప్పుడే ఉండదు. గుర్ర్ లేదు, టక్ లేదు, లైటు మాత్రం వెలుగుతుంది. కాబట్టి టక్‌మంటున్న ఫ్రిజ్‌లో ఓవర్‌లోడ్ చచ్చిపోలేదని తేలికగా చెప్పవచ్చు. అది ముసలిదై ఉండవచ్చు. ఏళ్ల తరబడి వంగి లేచిన రేకు కొన్నాళ్లకు తక్కువ వేడికే తిరగబడడం మొదలెడుతుంది. దాని గుర్తు ఒకటే. కంప్రెసర్ చక్కగా మొదలైంది, కరెంటు ఉండాల్సినంతే ఉంది, కుండ మీద చేయి పెడితే వేడి మామూలుగానే ఉంది, అయినా ఐదో పదో నిమిషాలకు టక్‌మని ఆగింది. కరెంటూ వేడీ రెండూ మామూలుగా ఉన్నప్పుడే నేరం ఓవర్‌లోడ్‌ది అనాలి. కుండ ముట్టుకోలేనంతగా కాలుతుంటే ఓవర్‌లోడ్ చేసినది న్యాయమే. అప్పుడు చూడాల్సింది వెనక జాలీ మీద పేరుకున్న దుమ్మును, గోడకు అంటించి పెట్టిన ఫ్రిజ్‌ను, ఫ్యాను ఉన్న మోడల్ అయితే ఆగిపోయిన ఆ ఫ్యానును.

ఓవర్‌లోడ్ మార్చేటప్పుడు చేతికి దొరికింది పెట్టకూడదు. కంప్రెసర్ మోడల్‌ను బట్టి అది ఎంత కరెంటుకు, ఎంత వేడికి తెగాలో నిర్ణయించి ఉంటుంది. చిన్నది పెడితే ఊరికే టక్‌మంటుంది. పెద్దది పెడితే టక్‌మనదు, చప్పుడు లేదు కదా అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, లోపల వైండింగ్ మాడుతుంది. ఇక తీగతో దాన్ని కలిపేసి డైరెక్ట్ చేసి వెళ్లే మెకానిక్‌ను రెండోసారి గుమ్మం తొక్కనివ్వకూడదు. ఈమధ్య ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్600ఏ గ్యాస్ మండే రకం. మాడే వైండింగ్, తీసేసిన ఓవర్‌లోడ్, పక్కనే ఆ గ్యాస్ ఉన్న గొట్టాలు ఒకచోట ఉండకూడని మూడు.

అన్నీ బాగున్నాయి. రిలే కొత్తది, కెపాసిటర్ సరిగ్గా కొలిచింది, మొదలయ్యే క్షణంలో 215 వోల్టులు ఉన్నాయి, గంట ఆగి పెట్టినా గుర్ర్, టక్. అప్పుడే కంప్రెసర్ మాట ఎత్తాలి. దానికున్న మూడు పిన్నుల మధ్య నిరోధం కొలిస్తే ఒక చిన్న కూడిక కుదరాలి. కామన్ నుంచి రన్నింగ్ పిన్నుకు 15 ఓంలు, కామన్ నుంచి స్టార్టింగ్ పిన్నుకు 20 ఉంటే, రన్నింగ్‌కూ స్టార్టింగ్‌కూ మధ్య 35 రావాలి. కుదరకపోతే వైండింగ్ పోయింది. ఏ పిన్నుకైనా కుండ ఇనుముకూ మధ్య దారి కనిపిస్తే ఎర్త్ అయింది, ముట్టుకుంటే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. కూడిక కుదిరి, ఎర్త్ లేకపోయినా తిరగకపోతే లోపలి యంత్రం బిగుసుకుపోయినట్టు, మెకానిక్‌ల మాటలో జామ్ అయినట్టు. సీలు చేసిన కుండ కాబట్టి విప్పి సరిచేసేది ఉండదు. కంప్రెసర్ మార్చాలని ఎవరైనా చెబితే ఈ మూడు అంకెలూ, మొదలయ్యే క్షణపు వోల్టేజీ కాగితం మీద రాసి చూపమని అడగడం ఇంటివారి హక్కు.

ఇదంతా ఆన్, ఆఫ్ పద్ధతిలో నడిచే మామూలు కంప్రెసర్ల సంగతి. ఇన్వర్టర్ అని రాసి ఉన్న ఫ్రిజ్‌కు ఇందులో చాలా భాగం వర్తించదు. దానికి స్టార్టింగ్ రిలే లేదు, స్టార్టింగ్ వైండింగూ లేదు. మూడు పిన్నుల మధ్య కూడా నిరోధం సమానంగా ఉంటుంది, అక్కడ పైన చెప్పిన కూడిక వేస్తే మంచి కంప్రెసర్ కూడా చెడిపోయినట్టు తేలుతుంది. మోటారును నడిపేది ఎలక్ట్రానిక్ బోర్డు. అది ప్రయత్నించి, విఫలమై, కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆ ప్రయత్నాల చప్పుడు బయటికి అచ్చం టక్‌లాగే వినిపించవచ్చు. కొన్ని బోర్డుల మీద చిన్న ఎల్‌ఈడీ ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి, కంపెనీ సర్వీసు పుస్తకంలోని పట్టికతో పోల్చి లోపం కనుక్కుంటారు. అలాంటి ఫ్రిజ్ మూత విప్పి "రిలే పోయింది" అన్నవాడికి అందులో రిలే ఎక్కడుందో చూపించమనవచ్చు.

ఏ రకమైనా సరే, టక్‌మంటున్న ఫ్రిజ్‌ను మెకానిక్ వచ్చేదాకా అలాగే వదిలేయకూడదు. ప్రతి గుర్ర్‌లోనూ వైండింగ్ గుండా మామూలుకు ఐదారు రెట్ల కరెంటు పారుతోంది. ఓవర్‌లోడ్ ప్రతిసారీ కాపాడుతుంది గానీ, రాత్రంతా నిమిషానికోసారి కాపాడాల్సి వస్తే దాని రేకు కూడా అలసిపోతుంది, చివరికి దాని కొనలు అతుక్కుపోయే ప్రమాదమూ ఉంది. మూడోసారి టక్‌మన్నాక ప్లగ్ తీసేసి, తలుపు తెరవకుండా ఉంచి, ఒక కాగితం మీద వేళ, గుర్ర్ ఎన్ని సెకన్లు, నిశ్శబ్దం ఎన్ని నిమిషాలు, ఫ్యాను నెమ్మదించిందా లేదా అన్నవి రాసుకుని ఫోన్ చేస్తే, అవతలివాడు ఏ సామాను సంచిలో వేసుకుని రావాలో అక్కడే తేల్చుకోగలడు.